పలుకు మీద దించిన పాస్తా

పులిహోరకు అన్నం వండుతుంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒక మాట పదేపదే హెచ్చరిస్తారు. పలుకు మీదే దించేయాలి. మెతుకును రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే పైన మెత్తగా అణగాలి, నడిమధ్యన మాత్రం సూదిమొనంత గట్టిదనం తగలాలి. బిర్యానీ వండేవాళ్ల లెక్క ఇంకా కచ్చితం. బియ్యం మూడొంతులు ఉడికిందో లేదో చూసి, వార్చి, దమ్ముకు వేస్తారు. ఆ ఒక్క నిమిషం దాటితే అన్నం ముద్ద, పెట్టిన ఖర్చు వృథా.

ఇటలీ వాళ్లు పాస్తా విషయంలో ఈ పలుకునే ‘ఆల్ డెంటె’ అంటారు. ‘పంటికి’ అని ఆ మాటకు అర్థం. కొరికితే పంటికి కాస్త ఎదురు తగలాలన్నమాట. లోపల మిగిలే ఆ సన్నని గట్టి భాగానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘అనిమా’, అంటే ఆత్మ. నేపుల్స్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, పూర్తిగా పండని కాయను అన్నట్టు పాస్తా ‘పచ్చిపచ్చిగా’ ఉండాలంటారు. తెలుగులో మనం ‘దోరగా’ అనే మాట దానికి దగ్గరగా వస్తుంది.

ఇది ఇటలీలో అనాదిగా ఉన్న అలవాటేమీ కాదు. 15వ శతాబ్దంలో మార్టీనో అనే ప్రసిద్ధ వంటవాడు తన పుస్తకంలో సిసిలీ మాకరోనీని రెండు గంటలు ఉడికించమని రాశాడు. ఈనాటి ఇటలీ ఇల్లాలు వింటే గుండె పట్టుకుంటుంది. గంటలు నిమిషాలుగా తగ్గుతూ వచ్చింది ఆ తరవాతి శతాబ్దాల్లోనే.

తెలుగు ఇళ్లలో పాస్తా చెడేది ఎక్కువగా రెండు అలవాట్ల వల్ల. ఒకటి, కుక్కర్. కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడికి వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. మూత తీసి కొరికి చూసే వీలుండదు. పలుకు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. రెండోది, ఎసట్లో ఒక చెంచా నూనె. ఈ నూనె కథ వెనక మన సేమ్యా ఉప్మా అనుభవం ఉన్నట్టుంది. సేమ్యా ముద్దయిపోతుందన్న భయంతో నీళ్లలో నూనె వేసే ఇళ్లు చాలానే ఉన్నాయి. పాస్తా కూడా సేమ్యాకు చుట్టమే కదా అని అక్కడా అదే వేస్తారు. విదేశీ వంట వీడియోల్లోనూ ఇదే కనిపించడంతో ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. నూనె సంగతి తేల్చాలంటే ముందు పాస్తా లోపల ఏం జరుగుతుందో చూడాలి.

పాస్తా పుట్టేది గోధుమ రవ్వ, నీళ్లు కలిపిన ముద్దలోంచి. ఆ రవ్వలో పిండిపదార్థం, మాంసకృత్తులు రెండూ ఉంటాయి. ముద్దను బాగా కలిపి ఒత్తినప్పుడు మాంసకృత్తులు ఒకదాన్నొకటి పట్టుకుని వల అల్లుతాయి. పిండి రేణువులు ఆ వలలో చేపల్లా చిక్కుకుని ఉంటాయి. ఎండాక ఆ పోగు కర్రలా గట్టిపడుతుంది. మరిగే నీళ్లలో వేశాక రెండు పనులు పోటీ పడతాయి. పిండి రేణువులు 60 డిగ్రీలకు అటూ ఇటూగా నీళ్లు తాగి ఉబ్బడం మొదలుపెడతాయి. మాంసకృత్తుల వల వేడికి బిగుసుకుంటుంది. వల ముందు బిగిస్తే ఉబ్బిన పిండి లోపలే ఉండిపోతుంది, పోగు నునుపుగా, నిలబడేలా ఉడుకుతుంది. పిండి ముందు ఉబ్బితే వల తెగి, జిగురు బయటికి కారి, పాస్తా పాస్తాతో అతుక్కుంటుంది.

అందుకే ఏ గోధుమ అన్నది ముఖ్యం. పాస్తాకు వాడేది డ్యూరమ్ అనే గట్టి గోధుమ. దీని రవ్వ లేత పసుపు రంగులో ఉంటుంది, మాంసకృత్తుల పాలు ఎక్కువ. ఇటలీలో 1967 నాటి చట్టం ప్రకారం అక్కడ తయారయ్యే ఎండు పాస్తాను డ్యూరమ్ రవ్వతోనే చేయాలి. మన దుకాణాల్లో దొరికే ప్యాకెట్లన్నీ అలాంటివి కావు. కొన్ని డ్యూరమ్‌వే, కొన్ని మామూలు గోధుమ రవ్వతోనో మైదా కలిపో చేసినవి. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో పదార్థాల వరస చూస్తే తెలిసిపోతుంది. మైదా మాకరోనీని ఎంత జాగ్రత్తగా ఉడికించినా అది గట్టి పలుకు నుంచి మెత్తని ముద్దకు నిమిషంలో జారిపోతుంది. అక్కడ తప్పు వండేవాళ్లది కాదు, సరుకుది.

ఇక పొయ్యి దగ్గరికి వద్దాం. నలుగురున్న ఇంట్లో రాత్రి భోజనానికి స్పగెట్టి వండాలనుకుందాం. మనిషికి 100 గ్రాముల చొప్పున 400 గ్రాములు. ఇటలీ ఇళ్లలో తరతరాల లెక్క నోటికి తేలిగ్గా వస్తుంది: 100 గ్రాముల పాస్తా, లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. పది, వంద, వెయ్యి. మన నలుగురికి 4 లీటర్ల నీళ్లు, 40 గ్రాముల ఉప్పు అవుతాయి. గిన్నె కనీసం 6 లీటర్లదై ఉండాలి, పైన మూడో వంతు ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ ఎందుకో తరవాత తెలుస్తుంది.

ఇన్ని నీళ్లెందుకన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. మన పాత అన్నం వండే తీరు గుర్తు తెచ్చుకుంటే సమాధానం దొరుకుతుంది. ఎసరు ఎక్కువ పెట్టి గంజి వార్చే పద్ధతి ఒకటి, నీళ్లు కొలిచి పోసి ఇగిరిపోయేలా వండే అత్తెసరు ఒకటి. పాస్తాకు చెప్పిన లెక్క వార్చే పద్ధతిది. నీళ్లు ధారాళంగా ఉంటే పోగుల మీది నుంచి ఊడిన పిండి వాటిలో పలచబడిపోతుంది, పోగులు విడివిడిగా ఈదే చోటుంటుంది, వండేవాళ్లు కాసేపు ఏమరుపాటుగా ఉన్నా కొంప మునగదు.

అయితే ఈ లెక్క శిలాశాసనం కాదు. వంట శాస్త్రం మీద రాసే అమెరికా రచయిత హెరాల్డ్ మెక్‌గీ 2009లో న్యూయార్క్ టైమ్స్‌లో ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు. సుమారు 450 గ్రాముల పాస్తాను లీటరున్నర లోపు చన్నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టి వండి చూశాడు. తరచూ కలుపుతూ ఉంటే బాగానే ఉడికింది. పైగా మిగిలిన నీళ్లు చిక్కని గంజిలా తయారై సాస్‌కు పనికొచ్చాయి. ఇటలీలో 2022లో ఇంకో పెద్ద గొడవ రేగింది. అంతకు ముందు ఏడాదే భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జార్జో పరీసీ, పాస్తా వేశాక కాసేపటికి పొయ్యి ఆర్పేసి మూత పెట్టి వదిలేసినా ఉడుకుతుందని, గ్యాస్ మిగులుతుందని ఫేస్‌బుక్‌లో రాశాడు. ఆ ఆలోచన తనది కాదని, అలెస్సాండ్రో బుసీరీ వీచీ అనే వాస్తుశిల్పిదని కూడా చెప్పాడు. పేరున్న వంటవాళ్లు కొందరు ముఖం చిట్లించారు. శాస్త్రం మాత్రం పరీసీ వైపే ఉంది. పిండి ఉబ్బడానికి 100 డిగ్రీలు అక్కర్లేదు, 80కి పైన ఉంటే చాలు. చిక్కల్లా వేడి తగ్గుతూ పోవడంతోనే. ఏ గిన్నె ఎంత త్వరగా చల్లారుతుందో ముందే చెప్పలేం కాబట్టి నిమిషాల లెక్క చేతికి చిక్కదు. మొదటిసారి వండేవాళ్లకు తెర్లుతున్న ఎసరే నమ్మకమైన దారి.

ఉప్పు దగ్గర రెండు అపోహలున్నాయి. ఉప్పు వేస్తే నీళ్లు ఎక్కువ వేడికి మరుగుతాయి, అందుకని పాస్తా త్వరగా ఉడుకుతుందన్నది ఒకటి. మాట అబద్ధం కాదు గాని లీటరుకు 10 గ్రాముల ఉప్పుతో మరిగే వేడి పెరిగేది డిగ్రీలో అయిదో వంతు కూడా కాదు. దాని ప్రభావం గడియారంలో కనిపించదు. ఉప్పు వేసేది రుచి కోసమే. పాస్తా ముద్దలో మామూలుగా ఉప్పు కలపరు. ఉడికేటప్పుడు తాగే నీళ్లతోనే అది లోపలికి చేరాలి. చప్పగా ఉడికిన పాస్తా మీద ఎంత ఉప్పగా సాస్ పోసినా ఉప్పు పైపైనే ఉండిపోతుంది. ఉప్పు మరిచిపోయి వండిన అన్నంలో కూర కలుపుకుంటే సరిపోతుంది, మనకు అన్నం చప్పగా ఉండటమే అలవాటు. పాస్తాకు ఆ సర్దుబాటు కుదరదు.

రెండో అపోహ, పాస్తా నీళ్లు సముద్రమంత ఉప్పగా ఉండాలన్నది. వంట కార్యక్రమాల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. అంటే పాస్తా లెక్కకు మూడున్నర రెట్లు. విశాఖ తీరంలో ఒక గుక్క నీళ్లు నోట్లోకి పోయినవాళ్లెవరూ అందులో వండింది తినాలనుకోరు. లీటరుకు 10 గ్రాములంటే నాలుక మీద పలచని చారులా, ఉప్పు బాగా తగిలేలా ఉంటుంది, అంతే.

40 గ్రాములన్న మాట వినగానే బీపీ ఉన్నవాళ్లు ఉలిక్కిపడతారు. లెక్క వేసి చూస్తే భయం కాస్త తగ్గుతుంది. 400 గ్రాముల ఎండు పాస్తా పలుకు మీద దించేసరికి దాదాపు 900 గ్రాములు తూగుతుంది. అంటే తాగింది అర లీటరు నీళ్లు. ఆ అర లీటరులో ఉండేది సుమారు 5 గ్రాముల ఉప్పు. నలుగురికి పంచితే మనిషికి గ్రాము పైచిలుకు. మిగతా 35 గ్రాములు వార్చిన నీళ్లతో పోతాయి. రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కాబట్టి ఆ గ్రాము కూడా లెక్కలోకి తీసుకోవలసిందే. ఉప్పు తగ్గించి తినేవాళ్లు లీటరుకు 5 గ్రాములతో సరిపెట్టుకోవచ్చు. సాస్‌లో ఉప్పటి చీజ్, ఆలివ్ కాయలు పడుతుంటే అందరూ 7 గ్రాములకు దిగడమే మంచిది.

కొలత చెంచాలతో చేసేటప్పుడు ఒక జాగ్రత్త. పొడి ఉప్పు పెద్ద చెంచా నిండా తలగొట్టి తీసుకుంటే 18 గ్రాముల దాకా తూగుతుంది. అదే చెంచాతో రాళ్ల ఉప్పు తీస్తే రాళ్ల మధ్య ఖాళీల వల్ల బరువు మారిపోతుంది. ఇటలీ వాళ్లు పాస్తా నీళ్లకు వాడేది కూడా రాళ్ల ఉప్పే, ఎటూ కరిగిపోయేదానికి పొడి ఎందుకని. ఇంట్లో తూకం ఉంటే ఒక్కసారి తూచి, ఎన్ని చెంచాలో గుర్తు పెట్టుకుంటే ఇక మళ్లీ తూచే పని లేదు. ఉప్పు వేయాల్సింది నీళ్లు తెర్లడం మొదలయ్యాక. చన్నీళ్లలో వేస్తే కరగక అడుగున కూర్చుని స్టీలు గిన్నెకు చిన్న చిన్న గుంటలు పెట్టొచ్చు. మరిగే నీళ్లలో ఒక్కసారిగా పోస్తే నురగతో పైకి లేస్తాయి, చెయ్యి వెనక్కి పెట్టుకుని కొద్దికొద్దిగా వేయాలి.

ఇప్పుడు పాస్తా వేయొచ్చు. స్పగెట్టిని గిన్నెలో పట్టడం లేదని సగానికి విరిచేవాళ్లుంటారు. విరిస్తే వంటకేం నష్టం లేదు, ఫోర్కుకు చుట్టుకోవడమే కష్టం. విరవకుండా నిలబెట్టి వదిలితే అరనిమిషంలో కింది కొసలు మెత్తబడి కట్ట తనంతట తానే లోపలికి వంగుతుంది. అసలు ముఖ్యమైన పని ఆ వెంటనే ఉంది. మొదటి రెండు నిమిషాలు గరిటె ఆపకుండా కలపాలి. పోగుల పైపొరలోని పిండి ఉబ్బి జిగురుగా మారేది అప్పుడే. ఆ సమయంలో రెండు పోగులు ఒరుసుకుని కదలకుండా ఉంటే అతుక్కుని కలిసే ఉడుకుతాయి, తరవాత ఎవరు విడదీసినా విడిపోవు. రెండు నిమిషాలు దాటాక పైపొర బిగుసుకుంటుంది, ఊడాల్సిన జిగురు నీళ్లలో కలిసిపోతుంది. ఆ తరవాత అప్పుడప్పుడు తిప్పితే చాలు.

ఎంతసేపు ఉడకాలన్నది పాస్తా పొడవును బట్టి కాదు, మందాన్ని బట్టి. నీరు పైనుంచి లోపలికి ఇంకుతూ పోవాలి. ఇంకే దూరం రెట్టింపైతే పట్టే సమయం రెట్టింపు కాదు, దాదాపు నాలుగింతలవుతుంది. జుట్టులా సన్నగా ఉండే కాపెల్లీని మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ. మూడు నిమిషాల్లో ఉడుకుతుంది. స్పగెట్టి మందం రెండు మిల్లీమీటర్లకు దగ్గర. దానికి 9, 10 నిమిషాలు పడుతుంది. మందం తేడా ఒక్క మిల్లీమీటరే అయినా సమయం మూడింతలు పైనే.

దీన్నే ఆసరా చేసుకుని ఇటలీ వాళ్లు ఒక తెలివైన పని చేశారు. బుకటీని అనే రకం స్పగెట్టి కన్నా లావుగా ఉంటుంది, కాని మధ్యలో బొరుగుంటుంది. నీరు బయటి నుంచీ లోపలి నుంచీ ఇంకుతుంది కాబట్టి లావున్నా స్పగెట్టితో పాటే ఉడికిపోతుంది. పెన్నె, రిగటోనీ లాంటి గొట్టాలదీ ఇదే కథ. చూడటానికి ఎంత పెద్దవైనా లెక్కలోకి వచ్చేది గోడ మందమే. పెన్నె, మెలికల ఫుసిల్లీ 10, 11 నిమిషాలు తీసుకుంటే గోడ మందంగా ఉండే రిగటోనీకి 12, 13 పడుతుంది. గుడ్డుతో అప్పటికప్పుడు కలిపి చుట్టిన పచ్చి టాల్యటెల్లె మాత్రం వేరే జాతి. అందులో తడి ముందే ఉంటుంది కాబట్టి రెండు మూడు నిమిషాలు చాలు. దాని దగ్గర పలుకు వెతకడం కూడా సరికాదు. పలుకు ఎండు పాస్తా సొత్తు.

సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఫర్ఫాల్లె వండేవాళ్ల సహనాన్ని పరీక్షిస్తుంది. రెక్కలు పలచన, మధ్యలో నొక్కిన చోట మడతలు పడి రెండు మూడు రెట్లు మందం. రెక్కలు మెత్తబడేసరికి నడుము గట్టిగానే ఉంటుంది. నడుము ఉడికేదాకా ఆగితే రెక్కలు వేలాడిపోతాయి. 11 నిమిషాల దగ్గర నడుము కొరికి చూసి, కాస్త ఎక్కువ పలుకున్నా సర్దుకుపోవడమే మార్గం. పిల్లలకు అది నచ్చుతుంది గనక కొనక తప్పదు.

ప్యాకెట్ మీది నిమిషాలను మొదటి సూచనగా మాత్రమే తీసుకోవాలి. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న విజయవాడలో నీళ్లు దాదాపు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది, అక్కడ 98 దగ్గరే మరిగిపోతాయి. అరకులో 97. అమెరికాలో డెన్వర్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు 95కి మించి వేడెక్కవు. ఎత్తు పెరిగేకొద్దీ ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ పట్టడం సహజం. అందుకని ప్యాకెట్ మీద 9 నిమిషాలుంటే 7వ నిమిషం నుంచి ఒక్కో పోగు తీసి చూడాలి.

ఎలా చూడాలంటే, పోగును కొరికి తెగిన చోటు వెలుతురులో పెట్టాలి. నడిమధ్య సున్నంలా తెల్లగా, లావుగా చుక్క కనిపిస్తే ఇంకా పచ్చి. పంటికి అంటుకుంటుంది కూడా. ఆ చుక్క గుండుసూది మొనంతకు తగ్గి, కొరికితే ఎదురు తగులుతూనే పిండి వాసన లేకుండా తెగితే అదే పలుకు. చుక్క పూర్తిగా మాయమై పోగు అంతా ఒకే రంగుకు వస్తే గడువు దాటినట్టు. గోడకు విసిరితే అంటుకోవాలన్న పరీక్ష ఒకటి ప్రచారంలో ఉంది. అంటుకునేది పైన జిగురును బట్టి. లోపల ఉడికిందీ లేనిదీ గోడకేం తెలుసు!

ఇక ఆ చెంచాడు నూనె. నూనె నీటి కన్నా తేలిక, నీళ్లలో కలవదు. 4 లీటర్ల ఎసట్లో రెండు చెంచాలు పోస్తే పైన బిళ్లలు బిళ్లలుగా తేలుతుంది. పాస్తా ఉండేది నీళ్ల లోపల. మొదటి రెండు నిమిషాల్లో జిగురు పుట్టి పోగులు అతుక్కునేది ఆ లోపలే. అక్కడికి నూనె చేరదు. తెర్లే వేగానికి కొన్ని చుక్కలు కిందికి దిగినా తడిసిన పోగును పట్టుకుని పూతలా నిలబడవు, మళ్లీ పైకే వచ్చేస్తాయి. అతుక్కోకుండా ఆపింది నూనె అని వండినవాళ్లు అనుకుంటారు గాని, ఆ పని చేసింది వాళ్ల చేతిలోని గరిటె.

నూనె పాస్తాను తాకేది చివర్లో, తాకకూడని సమయంలో. గిన్నెను చిల్లుల గిన్నెలోకి వంచినప్పుడు నీళ్లన్నీ కిందికి పోతాయి, పైన తేలిన నూనె పోగుల మీదుగా జారుతూ పలచగా అంటుకుంటుంది. ఆ తరవాత పోసే టమాటా సాస్ నీటి గుణం ఉన్నది కాబట్టి నూనె అంటిన చోట సరిగా పట్టదు. పళ్లెంలో పాస్తా ఒక పక్కన, సాస్ ఒక పక్కన మడుగు కట్టి కనిపిస్తే ఇదీ ఒక కారణం కావచ్చు. పాస్తాకు తనదైన పలచని జిగురుపొర ఉండాలి, సాస్ పట్టుకునేది దాన్నే. వార్చాక పంపు కింద పెట్టి కడిగేవాళ్లు కూడా ఆ పొరనే పోగొట్టుకుంటున్నారు. చల్లని సలాడ్‌కైతే తప్ప కడగొద్దు.

న్యాయంగా మాట్లాడాలంటే ఎసట్లో నూనె ఒక్క పని చేస్తుంది. నీళ్లలోకి ఊడిన పిండి బుడగల గోడలను గట్టిపరిచి నురగ కట్టిస్తుంది, అదే పొంగి పొయ్యి మీద పడేది. నూనె ఆ బుడగలను పగలగొడుతుంది. కాని గిన్నెలో మూడో వంతు ఖాళీ ఉంచి, పాస్తా వేశాక మూత పెట్టకుండా, మంట కాస్త తగ్గిస్తే పొంగే అవకాశమే ఉండదు. ఖరీదైన ఆలివ్ నూనెను సింకులోకి పంపే అవసరం లేదు.

పులిహోర గురించి తెలిసినవాళ్లకు ఇక్కడ ఒక సందేహం రావాలి. అన్నం విడివిడిగా ఉండటానికి నూనె కలుపుతాం కదా, అది పనిచేస్తుంది కదా అని. పనిచేస్తుంది. ఎందుకంటే ఆ నూనె పడేది వార్చి పళ్లెంలో ఆరబెట్టిన అన్నం మీద. మధ్యలో నీళ్లు లేవు, నూనె నేరుగా మెతుకుకు పూతలా పడుతుంది. సేమ్యాను నేతిలో వేయించినప్పుడూ అంతే, పొడిగా ఉండగానే నెయ్యి అంటుతుంది. పాస్తాను సాస్‌తో కలపకుండా గంటసేపు ఉంచాల్సి వస్తే అప్పుడూ వార్చిన తరవాతే ఒక చెంచా నూనె కలపొచ్చు. తేడా అంతా నూనె ఎక్కడ, ఎప్పుడు పడిందన్నదాంట్లోనే ఉంది.

నూనెకు అసలైన పని మన నలుగురి స్పగెట్టిలో ఇప్పుడు మొదలవుతుంది. ఇటలీలో ఆర్భాటం లేని వంటకాల్లో ఒకటి ‘ఆల్యో ఎ ఓల్యో’, అంటే వెల్లుల్లి, నూనె. స్పగెట్టి ఉడుకుతుండగా పక్క పొయ్యి మీద వెడల్పాటి మూకుడులో ఆరు పెద్ద చెంచాల ఆలివ్ నూనె పోసి, పలచగా తరిగిన అయిదారు వెల్లుల్లి రెబ్బలు సన్నని సెగ మీద వేయించాలి. అంచులు లేత బంగారు రంగుకు రాగానే నలిపిన ఎండుమిర్చి వేయాలి. ఇటలీ మిరప స్థానంలో గుంటూరు మిరప వాడితే సగం చాలు. వెల్లుల్లి ఎర్రబడితే చేదెక్కుతుంది, మళ్లీ మొదలుపెట్టడం తప్ప దారి లేదు.

స్పగెట్టిలో చుక్క ఇంకా కొంచెం లావుగా ఉండగానే, అంటే ప్యాకెట్ గడువుకు రెండు నిమిషాల ముందే, పటకారుతో ఎత్తి నేరుగా మూకుడులో వేయాలి. గంజి పారబోయకూడదు. ఒక పెద్ద గరిటెడు గంజి మూకుడులో పోసి, మంట పెంచి, ఆపకుండా ఎగరేస్తూ కలపాలి. ఎసట్లో కలవనని మొరాయించిన నూనె ఇక్కడ కలుస్తుంది. గంజిలోని పిండి, కలిపే వేగం రెండూ తోడై నూనెను సన్నని బిందువులుగా చీల్చి నీళ్లలో నిలబెడతాయి. మూకుడు అడుగున తేటగా కనిపించిన నూనె నిమిషంలో పాలలా తెల్లబడి, చిక్కబడి, ప్రతి పోగునూ పట్టుకుంటుంది. మిగిలిన ఆ రెండు నిమిషాల ఉడుకు స్పగెట్టి ఈ సాస్ తాగుతూ పూర్తిచేస్తుంది, చుక్క గుండుసూది మొనంతకు తగ్గుతుంది.

ఇక్కడ చెడేవి రెండు. గంజి చాలకపోతే నూనె విడిపోయి అడుగున మిగులుతుంది, ఇంకో అర గరిటె పోసి మళ్లీ ఎగరేస్తే దారికొస్తుంది. గంజి ఎక్కువ పోసి ఇగరబెడితే నీళ్లు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది. వంట మొత్తం ఉప్పుకషాయం. అందుకే ఈ వంటకానికి ఎసట్లో లీటరుకు 10 గ్రాములు మించకూడదు, సాస్‌లో విడిగా ఉప్పు అసలే వేయకూడదు.

వడ్డించాక ఆలస్యం చేస్తే మాత్రం చేసిందంతా వ్యర్థం. పళ్లెంలో కూడా పాస్తా తాగడం మానదు. పది నిమిషాల్లో సాస్ ఇంకిపోయి, చుక్క మాయమై, పోగులు ముద్దకు తిరుగుతాయి. అందుకే ఇటలీ ఇళ్లలో మనుషులను ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టి, అప్పుడు పాస్తాను నీళ్లలో వేస్తారు. అయినా మిగిలితే నేపుల్స్ వాళ్లు దాన్ని పారేయరు. మర్నాడు గిలక్కొట్టిన గుడ్లు, చీజ్‌తో కలిపి, మూకుడులో అట్టులా పరిచి, రెండు వైపులా ఎర్రగా కాల్చి, ముక్కలు కోసి చల్లగానే తింటారు. ఆ అట్టులో పలుకు ఉందా అని నేపుల్స్ వాళ్లు కూడా అడగరు.